ఎమ్మిగనూరు ఆదోని కాదు: కరువు ప్రసంగములోని ఒక అనుమానముపై విమర్శ

వానలు తప్పిన సంవత్సరము పశ్చిమ కర్నూలు గ్రామ సంఘములలో తరచుగా వినిపించే ప్రసంగమొకటి ఉంది. దాని మూలవాక్యము ద్వితీయోపదేశకాండము 11:16-17 గాని, 28:23-24 గాని అయి ఉంటుంది. ఇశ్రాయేలు తన దేవుని విడిచి అన్యదేవతలను కొలిచిన యెడల ఆకాశము మూయబడునని ఆ భాగములు చెప్పుచున్నవి. అక్కడ నుండి ప్రసంగికుడు మన పొలములకు వచ్చును. ఈ యేడు వాన లేదు, పత్తి గిడసబారినది, ఊరిలో సగము ఇండ్లకు తాళములు పడి జనము మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లిపోయినది. కాబట్టి మన ఊరు దేవుని విడిచినది, పశ్చాత్తాపపడవలెను. ఈ విమర్శలో మేము ఏ ఒక్క సేవకుని ప్రసంగమునో ఎత్తిచూపుట లేదు. ఎవరు చెప్పినను వాదము ఒకటే గనుక వాదమునే పరిశీలించుచున్నాము.

పశ్చాత్తాపపడుమని పిలుచుటకు మాకు అభ్యంతరము లేదు. ఆ పిలుపుకు ఆధారముగా చూపిన అనుమానము నిలుచునా అన్నదే మా ప్రశ్న. గుంటూరు నుండి తిరిగి వచ్చిన కూలి కుటుంబము మొదటి ఆదివారము ఈ మాట వినును. అప్పులు తీరక ముందే నేరము కూడ తమదేనని తెలిసికొనును. ఇంత బరువు ఒకరి తలపై పెట్టునప్పుడు ఆ బరువును మోసే దూలము గట్టిదో కాదో చూచుట మన బాధ్యత.

వాదమునుండి వర్ణనలను, భావోద్రేకమును తీసివేస్తే మూడు వాక్యములు మిగులును. జనులు దేవుని విడిచిన యెడల వాన ఆగును. ఇక్కడ వాన ఆగినది. కాబట్టి ఇక్కడి జనులు దేవుని విడిచిరి. ఇంకను కుదిస్తే దాని అచ్చు ఇది: క అయితే ఖ, ఖ జరిగినది, కాబట్టి క జరిగినది.

ఈ అచ్చు చెల్లునో లేదో తేల్చుటకు ద్వితీయోపదేశకాండము వ్యాఖ్యానములన్నియు తిరగవేయ నక్కరలేదు. అదే అచ్చులో మరొక వాదము పోసి చూచుట చాలును. ఆ రెండవ వాదములో ఆధారవాక్యములు రెండును ఎవరును కాదనలేనంత స్పష్టముగా నిజమై ఉండవలెను. ముగింపు ఎవరును ఒప్పుకొనలేనంత స్పష్టముగా అబద్ధమై ఉండవలెను. అటువంటిది ఒక్కటి దొరికినను, ఆ అచ్చు నిజము నుండి నిజమునకు తప్పక చేర్చునది కాదని తేలిపోవును. అప్పుడు మొదటి వాదము కూడ ఆ అచ్చు బలముపై నిలువలేదు.

మన ప్రాంతములోనే అటువంటిది దొరకును. ఒకడు ఆదోని పట్టణములో ఉన్న యెడల అతడు కర్నూలు జిల్లాలో ఉన్నాడు. ఎమ్మిగనూరు బస్టాండులో నిలుచున్న ఈ మనిషి కర్నూలు జిల్లాలో ఉన్నాడు. కాబట్టి ఇతడు ఆదోని పట్టణములో ఉన్నాడు. మొదటి రెండు మాటలను ఎవరును కాదనరు. మూడవ మాట విన్న కండక్టరు నవ్వును. ఆదోని చేరుటకు అతడు ఇంకను సుమారు 30 కిలోమీటర్లు పోవలసి ఉన్నది. అయినను ఆ మూడవ మాట, కరువు ప్రసంగములో మూడవ మాట వచ్చిన దారినే వచ్చినది. 'ఆదోనిలో ఉండుట' ఉన్న చోట 'దేవుని విడుచుట' పెట్టండి, 'కర్నూలు జిల్లాలో ఉండుట' ఉన్న చోట 'వాన ఆగుట' పెట్టండి. ప్రసంగము యథాతథముగా తిరిగి వచ్చును.

ఊళ్ల పేర్లనే ఎంచుకొనుటకు కారణమున్నది. వేదాంత విషయమునుండి ఉదాహరణ తీసికొంటే దాని ఆధారవాక్యములపైనే మరొక వివాదము లేచును, అసలు ప్రశ్న మరుగున పడును. ఒక పట్టణము ఒక జిల్లాలో ఉన్నదా లేదా అనుటలో వివాదము లేదు. అయినను ఇక్కడ కూడ కొంత జాగ్రత్త కావలెను. ఈ ఉదాహరణను 1950లో చెప్పియుంటే చెల్లేది కాదు. అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడే అది కర్నూలు జిల్లాలోనికి వచ్చినది. ఆధారవాక్యము అబద్ధమైతే ముగింపు అబద్ధమగుటలో వింత లేదు, దాని వలన అచ్చులోని దోషము బయటపడదు. అట్లే మేము 'ఆదోని పట్టణము' అని ప్రత్యేకముగా అన్నాము. ఉట్టి 'ఆదోని' అని ఊరుకొంటే ఎదుటివాడు ఆదోని రెవిన్యూ డివిజను అని అర్థము చెప్పవచ్చును. ఎమ్మిగనూరు ఆ డివిజనులోనిదే గనుక ముగింపు నిజమై కూర్చుండును, మన ఖండన అక్కడికక్కడే కూలును.

ఇక్కడ విద్యార్థులు తరచుగా జారిపడే చోటు ఒకటి ఉంది. బస్టాండు మనిషి ఎమ్మిగనూరులో గాక నిజముగా ఆదోనిలోనే ఉన్నాడనుకొనండి. అప్పుడు మూడు వాక్యములును నిజములే. అంత మాత్రమున వాదము మంచిదగునా? కాదు. ముగింపు నిజమైనది మనిషి అక్కడ ఉన్నందువలన గాని వాదము వలన కాదు. కరువు ప్రసంగికుడు సాధారణముగా అహాబు కాలమును ఉదాహరణగా తెచ్చును. అప్పుడు వాన ఆగినది, అప్పుడు జనులు దేవుని విడిచిరి, ఇది సత్యము. అయితే అది ఆదోనిలో ఉన్న మనిషి వంటి ఉదాహరణ. అటువంటివి వంద చేర్చినను అచ్చు బాగుపడదు. ఎమ్మిగనూరు మనిషి ఒక్కడు చాలును దానిని పడగొట్టుటకు. నిజానికి అహాబు కథలోనే ఆ మనిషి ఉన్నాడు. రాజగృహ నిర్వాహకుడైన ఓబద్యా యెహోవాయందు భయభక్తులు గలవాడని, నూరుమంది ప్రవక్తలను గుహలలో దాచి పోషించెనని 1 రాజులు 18:3-4 చెప్పుచున్నది. అతని నెత్తిమీద కూడ ఆకాశము మూయబడియే ఉన్నది. ఏలీయా త్రాగుచుండిన వాగు కూడ ఎండిపోయినది (17:7).

మన దేశపు తార్కికులు ఈ దోషమును బాగుగా ఎరిగినవారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దములో వ్రాసిన తర్కసంగ్రహము నేటికిని తర్కము నేర్చువారి మొదటి పుస్తకము. పొగను చూచి నిప్పును ఊహించుట సరియైన అనుమానమునకు అక్కడి ఉదాహరణ. దానిని తిప్పి, కొండమీద నిప్పు ఉన్నది గనుక పొగ ఉన్నదనుట దోషము. ఎందుకనగా కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పు ఉన్నది, పొగ లేదు. మనకు ఎమ్మిగనూరు మనిషి ఎట్లో వారికి ఆ ఇనుప ముద్ద అట్లు. వారు అంతటితో ఆగలేదు. నిప్పునుండి పొగ రావలెనంటే తడి కట్టె తోడు కావలెనని, ఆ తోడును 'ఉపాధి' అని పేర్కొన్నారు. అనగా వాదము ఎక్కడ తప్పినదో చూపిన తరువాత, అది చెల్లవలెనంటే ఇంకను ఏమి కావలెనో కూడ చూపిరి. కరువు ప్రసంగమునకు ఆ తడి కట్టె ఏది అన్న ప్రశ్నకు కొంత సేపటిలో వచ్చెదము.

అంతకు ముందు, ఈ ప్రసంగమునకు మన యువకులు కొందరు ఇచ్చే ఒక జవాబును పరీక్షింపవలెను. "పాపము మన ఊరిలోనే ఉన్నదా? పెద్ద పెద్ద నగరములలో లేదా? అక్కడ వానలు బాగానే పడుచున్నవి గదా" అని వారందురు. వినుటకు ఇది మన ఖండన వలెనే తోచును గాని కాదు. పాపము ఉన్నను వాన ఆగలేదని చూపుట మొదటి ఆధారవాక్యమును కొట్టుట. మన ఖండన ఆ వాక్యమును తాకనే లేదు. దానిని నిజమని ఒప్పుకొనియే, దాని నుండి ముగింపు రాదని చూపినది. ఈ భేదము చిన్నది కాదు. యువకుని జవాబు విన్న ప్రసంగికుడు, దేవుడు దీర్ఘశాంతుడని ఒక్క మాటలో తప్పించుకొనును. పైగా ద్వితీయోపదేశకాండమునే కాదనుచున్నారని సంఘము ముందు నిలబెట్టును. సమాంతర వాదముతో వెళ్లినవానికి ఆ నింద తగలదు. నిబంధన హెచ్చరికను పూర్తిగా నమ్మియే అతడు కరువు ప్రసంగమును నిరాకరింపగలడు.

ఇప్పుడు ప్రసంగికుని పక్షమున అతి బలమైన సమాధానము చూతము. "నేను చెప్పినది మీరు తక్కువ చేసి చెప్పితిరి. దేవుని విడిచిన యెడల వాన ఆగునని మాత్రమే గాదు, దేవుని విడిచిన యెడలనే వాన ఆగునని నా భావము" అని ఆయన అనవచ్చును. ఇది న్యాయమైన సవరణ. 'అయితే' పోయి 'అయితేనే' వచ్చినది, ఆ ఒక్క 'నే' వాదమును చెల్లునట్టి వాదముగా మార్చివేసినది. ఇప్పుడు మన బస్టాండు ఉదాహరణ పనికిరాదు. దానిని కూడ అట్లే సవరిస్తే, ఆదోని పట్టణములో ఉన్న యెడలనే కర్నూలు జిల్లాలో ఉన్నట్టు అని చెప్పవలసి వచ్చును, అది బొత్తిగా అబద్ధము. అచ్చు ఒకటే అయినను ఆధారము అబద్ధమైన ఉదాహరణతో ఎవరి అచ్చును కూల్చలేము. కాబట్టి సవరణ తరువాత కూడ పాత ఉదాహరణనే పట్టుకొని వాదించుట మన పక్షమున దోషమగును.

అయితే సవరణకు వెల ఉన్నది. ఇంతవరకు ప్రసంగికుని మొదటి వాక్యమునకు లేఖనాధారము ఉండెను. ఈ కొత్త వాక్యమునకు ఆయన లేఖనాధారము వెదకవలెను. ద్వితీయోపదేశకాండములో అది లేదు. దేవుని పిలుపుకు లోబడి వచ్చిన అబ్రాము కనానులో అడుగుపెట్టిన కొద్దికాలమునకే ఆ దేశములో కరవు వచ్చెనని ఆదికాండము 12:10 చెప్పును. ఎవరి పాపము వలననో చెప్పదు. రూతు 1:1 కూడ అంతే. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయములో అగబు కరవును ముందుగా తెలిపినప్పుడు అంతియొకయలోని శిష్యులు యూదయలోని సహోదరుల పాపమేమని విచారింపలేదు. ఎవరి శక్తికొలది వారు సహాయము పంపిరి. యోహాను 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్నలోనే ఈ 'నే' దాగి ఉన్నది. ఇతడైనను ఇతని కన్నవారైనను పాపము చేసియుండవలెను, మూడవ దారి లేదని వారి భావము. ప్రభువు ఆ రెంటిని తోసివేసెను.

యోబు స్నేహితులను ఇక్కడ సరిగా అర్థము చేసికొనవలెను. పాపి బాధపడును, యోబు బాధపడుచున్నాడు, కాబట్టి యోబు పాపి అని వారు వాదించిరని మన ప్రసంగములలోను తరగతి నోట్సులలోను సాధారణముగా చెప్పుదురు. అట్లయితే వారిది బస్టాండు వాదమే. కాని ఎలీఫజు మొదటి మాటను జాగ్రత్తగా చదివితే (4:7) అతడు అడిగినది వేరు: నిరపరాధి ఎప్పుడైన నశించెనా? అనగా నిర్దోషి ఎవడును నశింపడు, యోబు నశించుచున్నాడు, కాబట్టి నిర్దోషి కాడు. తర్కమునకు సంబంధించినంత వరకు ఇందులో దోషము లేదు. దీనికి సమాంతర వాదము కట్టబోయి ఎంత శ్రమపడినను నిజమైన ఆధారములతో అబద్ధపు ముగింపు దొరకదు. తప్పు ఆధారవాక్యములోనే ఉన్నది, గ్రంథకర్త దానిని 1:8లోనే పాఠకునికి చూపియున్నాడు. ఎలీఫజు చేసినది 'అయితేనే' అనుట. కాబట్టి ఎదుటి వాదము బస్టాండు వాదమా ఎలీఫజు వాదమా అని ముందుగా తేల్చుకొననిదే ఖండనకు దిగరాదు. ఒకదానికి సమాంతర వాదము కావలెను, రెండవదానికి యోబు వంటి ఒక మనిషి కావలెను.

సువార్తలలో ఈ పద్ధతికి దగ్గరగా వచ్చునది లూకా 11:19. ఆయన దయ్యములను వెళ్లగొట్టుచున్నాడు, కాబట్టి బయెల్జెబూలు వలననే అని వారనిరి. అట్లయితే మీ కుమారులు ఎవరివలన వెళ్లగొట్టుచున్నారని ప్రభువు అడిగెను. అదే ఆధారము, అదే అడుగు, వారు నోట పలుకలేని ముగింపు. మన తార్కికులు దీనిని ప్రతిబంది అందురు. బస్టాండు ఉదాహరణకు దీనికి ఒక తేడా ఉన్నది. అక్కడ ముగింపు అబద్ధమని లోకమంతటికి తెలియును. ఇక్కడ అది అబద్ధమని ఒప్పుకొనవలసినవారు ఆ ఎదుటివారే. తమ కుమారులను కూడ బయెల్జెబూలుకు అప్పగించుటకు సిద్ధపడిన ప్రత్యర్థి ఉండియుంటే ప్రతిబంది అతనిని తాకకపోయెడిది. ప్రభువు ఆ ప్రశ్నతోనే ఆగకపోవుట కూడ గమనింపదగినది. తనలో తాను చీలిన రాజ్యమును గూర్చి, బలవంతుని గూర్చి వేరుగా చెప్పెను. ఎందుకనగా ఒక వాదమును కూల్చుట దాని ముగింపు అబద్ధమని రుజువు చేయుట కాదు.

ఈ చివరి మాటను మన పక్షమువారు మరచుదురు. కరువు ప్రసంగము చెల్లదని తేలినంత మాత్రమున మన ఊరిలో విగ్రహారాధన గాని, కూలి ఎగవేత గాని, త్రాగుడు గాని లేదని తేలలేదు. కర్నూలు జిల్లాలో ఉన్నవాడు ఆదోనిలో ఉండనే కూడదని మేము అనలేదు. ఉండవచ్చును, కాని అది జిల్లా పేరు చెప్పి తేల్చునది కాదు, పోయి చూడవలసినది. ఊరిలో కూలి ఎగవేత ఉంటే దానిని ఆకాశము చూచి గాక కూలివాని చేతిలోని డబ్బు చూచి కనిపెట్టవలెను. వాన సంగతికి వస్తే, ఈ భూములు పడమటి కనుమలకు ఆవలి పక్కన వర్షచ్ఛాయలో ఉన్నవి. నైరుతి మేఘములు తమ నీటిని చాలవరకు ఆ కనుమల మీదనే దించి ఇక్కడికి తేలికపడి వచ్చును. 2009లో జరిగినది మన పాఠకులకు జ్ఞాపకముండును. ఆ యేటి వానాకాలమునకు వాన వెనుదీసినది, అక్టోబరు మొదట తుంగభద్ర పొంగి మంత్రాలయమును, కర్నూలు నగరమును ముంచినది. వాన ఆగుటను బట్టి పాపమును లెక్కించువాడు వరదను బట్టి నోవహు కాలమును లెక్కింపవలసి వచ్చును. ఒకే జిల్లా ఒకే యేట ఆ రెండు లెక్కలకును దొరికినది.

మిగిలినది తడి కట్టె సంగతి. కరువు ఫలాని పాపము వలననే వచ్చినదని లేఖనము చెప్పిన సందర్భములు ఉన్నవి, వాటిని దాచరాదు. దావీదు దినములలో మూడేండ్ల కరవు సౌలు గిబియోనీయులను చంపినందున వచ్చెను (2 సమూయేలు 21:1). కాని దావీదు కరవును చూచి పాపమును ఊహింపలేదు. యెహోవా యొద్ద విచారణ చేసెను, ఉత్తరము వచ్చెను. ఒక పట్టణముపై కురిసి మరియొక పట్టణముపై కురియని వానను గూర్చి ఆమోసు 4:7లో పలికినది దేవుడే. ఆ సందర్భములన్నిటిలోను వానకును పాపమునకును నడుమ ఒక పలుకబడిన మాట ఉన్నది. ఆ మాటయే తడి కట్టె. అది ఉన్న చోట కరువు నుండి పాపమునకు పోవుట కుదురును. అయితే అప్పుడు పోయినది కరువును పట్టుకొని కాదు, మాటను పట్టుకొని.

ఈ కొలతను హగ్గయి మొదటి అధ్యాయముపై పెట్టి చూడవలసిన అవసరము మన సంఘములలో ఎక్కువగా ఉన్నది. మందిరము పాడైయుండగా మీరు మీ ఇండ్లు కట్టుకొనుచున్నారు, అందుచేత ఆకాశము మంచును బిగబట్టినదని ప్రవక్త చెప్పెను. దానిని ఎత్తుకొని, మన ఊరిలో వాన లేదు, మన మందిరము గోడలు లెంటల్ దగ్గర ఆగిపోయినవి, కాబట్టి వాన లేకపోవుటకు కారణము చందాలు ఇవ్వకపోవుటయే అని చెప్పు ప్రసంగమును విననివారు తక్కువ. హగ్గయి వినువారికి ఒక ప్రవక్త ఉండెను, రాజైన దర్యావేషు ఏలుబడియందు రెండవ సంవత్సరము ఆరవ నెల మొదటి దినమున వచ్చిన మాట ఉండెను. లెంటల్ దగ్గర ఆగిన గోడలకు కట్టడపు కమిటీ లెక్కల పుస్తకము ఉన్నది. వాన రాని ఆకాశమునకు నైరుతి ఋతుపవనముల నడక ఉన్నది. ఈ రెంటిని కలుపు మాట ఎక్కడ నుండి వచ్చినదో చూపవలసిన భారము ఆ ప్రసంగికునిదే, ఎమ్మిగనూరు బస్టాండులోని మనిషి ఆదోనిలో ఉన్నాడని చెప్పువానికి ఎంత భారమున్నదో అంతే.